“చాలాసేపు” అంటే ఎన్ని గంటలు?

1991 ఫిబ్రవరి 21న అమెరికా సైన్యంలో పేట్రియట్ క్షిపణుల వ్యవహారం చూసే ప్రాజెక్టు ఆఫీసు నుంచి ఆ క్షిపణులు వాడుతున్న దళాలకి ఒక సందేశం వెళ్ళింది. దాని సారాంశం ఇది: సిస్టమ్‌ని చాలా ఎక్కువసేపు ఆపకుండా నడిపితే (వాళ్ళ మాటల్లో “వెరీ లాంగ్ రన్ టైమ్స్”) రాడారు చూసే చోటు కొంచెం పక్కకి జరగొచ్చు, లక్ష్యం తప్పొచ్చు. దీన్ని సరిచేసే సాఫ్టువేరు మార్పు దారిలో ఉంది.

చాలా ఎక్కువసేపు అంటే ఎంతసేపో ఆ సందేశంలో లేదు.

నాలుగు రోజుల తర్వాత, ఫిబ్రవరి 25న, సౌదీ అరేబియాలోని దహ్రాన్‌లో అమెరికా సైనికులు ఉంటున్న ఒక బారక్‌ మీద ఇరాక్ వదిలిన స్కడ్ క్షిపణి పడింది. 28 మంది చనిపోయారు. వాళ్ళలో 13 మంది పెన్సిల్వేనియా నుంచి వచ్చిన ఒక చిన్న రిజర్వు దళం వాళ్ళు. ఆ దళం పని నీళ్ళు శుద్ధి చేయడం. సౌదీలో దిగి వారం కూడా కాలేదు. ఆ ప్రాంతాన్ని కాపాడాల్సిన పేట్రియట్ బ్యాటరీ అప్పటికి వంద గంటలకి పైగా ఆపకుండా నడుస్తోంది. వస్తున్న స్కడ్ మీదకి అది ఒక్క క్షిపణి కూడా వదల్లేదు. దాని లెక్క ప్రకారం ఆకాశంలో లక్ష్యమే లేదు మరి.

ఈ కథ మన సాఫ్టువేరు జనాల్లో చాలామందికి తెలిసిందే. న్యూమరికల్ మెథడ్స్ పాఠంలోనో, బగ్గుల జాబితాల్లోనో ఎక్కడో ఒకచోట చదివే ఉంటారు. “0.1ని బైనరీలో సరిగ్గా రాయలేం, అందుకే 28 మంది చనిపోయారు” అని ఒక్క ముక్కలో చెప్పేస్తారు. ఆ ముక్క నిజమే, కానీ సగం నిజం. బగ్గు ఉందని ఫిబ్రవరి 11 నాటికే తెలుసు. సరిచేసిన సాఫ్టువేరు 16న విడుదలైంది. హెచ్చరిక 21న వెళ్ళింది. 25న పోయిన ప్రాణాలకి బగ్గుతో పాటు ఆ హెచ్చరికలోని ఒక విశేషణం కూడా అడ్డం పడింది. ఇన్సిడెంట్ రిపోర్టులు రాసి బతికే మనకి మొదటి సగం కంటే ఈ రెండో సగమే ఎక్కువ పనికొస్తుందని నా అభిప్రాయం. అందుకే ఈ టపా.

ముందు బగ్గు సంగతి, క్లుప్తంగా. పేట్రియట్ రాడారు ఆకాశంలో ఏదో ఎగిరే వస్తువుని ఒకసారి చూస్తుంది. దాని వేగాన్ని, చూసిన సమయాన్ని బట్టి తర్వాతి క్షణానికి అది ఎక్కడ ఉండాలో కంప్యూటరు లెక్కగడుతుంది. రెండోసారి రాడారు ఆకాశమంతా వెతకదు, ఆ లెక్కగట్టిన చోట ఒక చిన్న కిటికీలోంచి మాత్రమే చూస్తుంది. ఈ కిటికీ పేరు రేంజ్ గేట్. వస్తువు ఆ కిటికీలో కనిపిస్తే అది నిజమైన లక్ష్యం. కనిపించకపోతే మొదటిసారి చూసింది ఏదో భ్రమ అనుకుని వదిలేస్తుంది.

సిస్టమ్ ఆన్ చేసినప్పట్నుంచీ ఎంత సమయం గడిచిందో సెకనులో పదో వంతుల లెక్కన పూర్ణసంఖ్యగా దాచుకుంటుంది. దాన్ని సెకన్లలోకి మార్చాలంటే 0.1తో గుణించాలి. ఆ కంప్యూటరు రిజిస్టరు 24 బిట్లది. 0.1 బైనరీలో అంతులేని సంఖ్య కాబట్టి 24 బిట్లకి తెగ్గోయాల్సిందే:

```
0.1 = 0.00011001100110011001100 | 1100110011...
```

గీతకి కుడివైపున్నది పోతుంది. పోయినదాని విలువ దాదాపు 0.000000095. పదో వంతు సెకనుకి ఒకసారి ఇంత తప్పు. వంద గంటలకి:

```
0.000000095 × 100 × 60 × 60 × 10 = 0.34 సెకన్లు
```

స్కడ్ సెకనుకి 1,676 మీటర్ల వేగంతో వస్తుంది. అంటే 0.34 సెకన్లలో అర కిలోమీటరు దాటేస్తుంది. కిటికీ తెరిచింది ఒకచోట, క్షిపణి ఉన్నది ఇంకోచోట.

ఇక్కడ తెలివైన పాఠకుడికి ఒక అనుమానం రావాలి. రెండు సమయాల మధ్య తేడా మాత్రమే కదా కావాల్సింది, రెండిట్లోనూ ఒకే తప్పు ఉంటే తీసివేతలో కొట్టుకుపోవాలి కదా అని. నిజమే, కొట్టుకుపోయేది. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ స్కీల్ 1992లో దీనికి సమాధానం రాశాడు. ఇంకా కచ్చితంగా సమయం మార్చే రొటీను ఒకటి రాసి కోడులో కొన్ని చోట్ల పెట్టారు గానీ, అన్ని చోట్లా పెట్టలేదు. దాంతో ఒక సమయం మంచి లెక్కలో, ఇంకోటి పాత లెక్కలో వచ్చి తప్పు కొట్టుకుపోకుండా మిగిలిపోయింది. సగం చేసిన రిపేరు అసలు చేయని రిపేరు కంటే ప్రమాదం అనడానికి ఇంతకంటే ఉదాహరణ దొరకదు. అది ఇంకో టపాకి సరిపడా విషయం, ఇక్కడ ఆపేస్తాను.

మనకి కావాల్సిందల్లా ఈ తప్పు స్వభావం. ఇది ఎప్పుడో ఒకసారి అకస్మాత్తుగా వచ్చే తప్పు కాదు. గంటలతో పాటు సమానంగా పెరుగుతుంది. అలాంటి తప్పు గురించి హెచ్చరిక రాయడం నిజానికి చాలా తేలిక, ఎందుకంటే దాన్ని త్రైరాశికంలో పెట్టేయొచ్చు.

ఇప్పుడు ఆ సందేశం వెనక ఏం జరిగిందో చూద్దాం. ఈ వివరాలన్నీ అమెరికా పార్లమెంటుకి లెక్కలు అప్పజెప్పే జీ.ఏ.ఓ. అనే సంస్థ 1992 ఫిబ్రవరిలో ఇచ్చిన నివేదికలో ఉన్నాయి. పెద్ద పుస్తకమేం కాదు, ఒక మధ్యాహ్నం కూర్చుంటే అయిపోతుంది. కాస్త వీలు చూసుకుని చదవండి, ఇన్సిడెంట్ రిపోర్టు ఎలా రాయాలో అదే ఒక నమూనా.

గల్ఫులో ఉన్న అమెరికన్ దళాలు తమ పేట్రియట్ల పనితీరుని రికార్డు చేసే పరికరాలు వాడలేదు. అవి తగిలిస్తే సిస్టమ్ ఉన్నట్టుండి ఆగిపోతుందేమోనని భయం. ఇజ్రాయెల్ వాళ్ళు మాత్రం వాడారు. వాళ్ళ డేటాలో ఒక విషయం బయటపడింది: సిస్టమ్ వరసగా 8 గంటలు నడిచాక రేంజ్ గేట్ 20 శాతం పక్కకి జరుగుతోంది. ఈ సమాచారం ఫిబ్రవరి 11న ప్రాజెక్టు ఆఫీసుకి చేరింది.

ఈ వాక్యాన్ని ఇంకోసారి చదవండి. ఇజ్రాయెల్ వాళ్ళు “కొంతసేపు నడిచాక గేటు బాగా జరుగుతోంది” అని చెప్పలేదు. ఎనిమిది గంటలు, ఇరవై శాతం. రెండే రెండు అంకెలు. కానీ ఆ రెండిట్లోనే మిగతాదంతా ఉంది. కిటికీ మధ్యలో ఉండాల్సిన లక్ష్యం 50 శాతం జరిగితే కిటికీ బయటికి వెళ్ళిపోతుంది, ఇక ట్రాక్ చేయడం కుదరదు. 8 గంటలకి 20 అయితే గంటకి రెండున్నర శాతం. యాభై శాతానికి 20 గంటలు. అయిదో తరగతి పిల్లాడు నోటితో చేసే లెక్క ఇది. జీ.ఏ.ఓ. వాళ్ళు తర్వాత వేసిన పట్టికలో కూడా ఇదే కనబడుతుంది: 1 గంటకి 7 మీటర్లు, 8 గంటలకి 55, 20 గంటలకి 137, 100 గంటలకి 687. ఇరవై గంటలు దాటాక లక్ష్యం కిటికీ బయటే అని దానికింద రాశారు.

అంటే ఫిబ్రవరి 11న వచ్చిన డేటాలో 8, 20 శాతం అనే అంకెలున్నాయి. ఫిబ్రవరి 21న బయటికి వెళ్ళిన సందేశంలో “చాలా ఎక్కువసేపు” అనే మాట ఉంది. పది రోజుల్లో అంకె కాస్తా విశేషణం అయింది!

ఎందుకయింది? ఎవరో బద్ధకించో, దాచిపెట్టో కాదు. సైన్యాధికారులు జీ.ఏ.ఓ.కి చెప్పిన సమాధానం ఆసక్తికరంగా ఉంటుంది. లక్ష్యాన్ని ట్రాక్ చేయలేనంతగా, అన్నేసి గంటలు ఎవరూ ఆపకుండా నడపరని వాళ్ళు అనుకున్నారు. అందుకని ఇంకా వివరంగా చెప్పాల్సిన అవసరం ఉందనిపించలేదట. ఇజ్రాయెల్ వాళ్ళు 8 గంటలు నడపడమే ఒక వింత సందర్భం అనుకున్నారు.

ఆ ఊహ ఆకాశంలోంచి ఊడిపడలేదు. పేట్రియట్‌ని మొదట తయారుచేసింది యూరపులో సోవియట్ విమానాల్ని, క్రూయిజ్ క్షిపణుల్ని కూల్చడానికి. శత్రువుకి దొరక్కుండా చోటు మారుస్తూ ఉండాలి, ఒక్కోచోట కొన్ని గంటలకి మించి నడవదు అని డిజైను. కాబట్టి డిజైను తెలిసినవాడి మనసులో “చాలా ఎక్కువసేపు” అంటే ఎనిమిదో పదో గంటలు. దహ్రాన్‌లో ఉన్నవాడి పరిస్థితి వేరు. వాడు ఒక వైమానిక స్థావరాన్ని రాత్రింబగళ్ళు కాపలా కాస్తున్నాడు. ఎక్కడికీ కదిలేది లేదు. పైగా అక్కడ కాపలా కాయాల్సిన రెండు బ్యాటరీల్లో రెండోది ఆ రోజు రిపేరులో ఉంది. వాడికి నాలుగు రోజులు వరసగా నడపడం మామూలు డ్యూటీ. “చాలా ఎక్కువసేపు” అని చదివితే వారమో, పది రోజులో అనుకుంటాడు. మాది అంత లేదులే అనుకుంటాడు.

నాకు ఈ మొత్తం వ్యవహారంలో కీలకం ఇక్కడే కనిపిస్తుంది. అస్పష్టమైన మాట రాసినవాడికి అస్పష్టంగా ఉండదు. వాడి బుర్రలో ఒక అంకె ఉంటుంది, అది తనకి స్పష్టమే. చదివేవాడి బుర్రలో ఇంకో అంకె ఉంటుంది, అదీ స్పష్టమే. ఇద్దరికీ అర్థమైపోయింది కాబట్టి ఎవరూ ఎవర్నీ తిరిగి అడగరు. అసలు అర్థం కాని మాట రాసి ఉంటే బాగుండేది, కనీసం ఎవరో ఒకరు “ఏంటిది?” అని అడిగేవారు.

సరే, ఆ సందేశాన్ని మనం ఇప్పుడు రాస్తే ఎలా ఉండాలి? ఫిబ్రవరి 21 నాటికి వాళ్ళకి తెలిసిన విషయాలతోనే రాద్దాం, తర్వాత తెలిసినవి వాడకుండా. ఇది నా రాత:

“సిస్టమ్ ఆన్ చేసి ఆపకుండా 8 గంటలు నడిపితే రేంజ్ గేట్ 20 శాతం జరుగుతున్నట్టు ఇజ్రాయెల్ రికార్డుల్లో తేలింది. ఈ తప్పు నడిచిన గంటల్ని బట్టి పెరుగుతుంది. ఆ లెక్కన సుమారు 20 గంటలకి 50 శాతానికి చేరుతుంది, అప్పుడు స్కడ్‌ని ట్రాక్ చేయలేదు. 20 గంటలు అనేది లెక్కగట్టినది, కొలిచినది కాదు. కొత్త సాఫ్టువేరు మీకు అందేదాకా ప్రతి 8 గంటలకీ ఒకసారి రీబూట్ చేయండి. రీబూట్‌తో గడియారం సున్నాకి వస్తుంది, తప్పు పోతుంది. 60 నుంచి 90 సెకన్లు పడుతుంది, ఆ సేపు ఆ బ్యాటరీ పనిచేయదు.”

పాత సందేశానికీ దీనికీ పొడవులో పెద్ద తేడా లేదు, నాలుగు వాక్యాలు ఎక్కువ అంతే. తేడా ఎక్కడంటే, ఇది చదివిన కమాండరు గోడ మీద గడియారం చూసి “మనం ఎన్నింటికి ఆన్ చేశాం?” అని పక్కవాడిని అడగ్గలడు. పాతది చదివినవాడు అడగడానికి ఏమీ లేదు. ఇంకో సంగతి, చివరి వాక్యం కూడా కొలతే. రీబూట్ చేస్తే ఒకటిన్నర నిమిషం కాపలా ఉండదు అన్నది అతను తూచుకోవాల్సిన ఖరీదు. ఆ ఖరీదు చెప్పకుండా “అప్పుడప్పుడు రీబూట్ చేయండి” అంటే యుద్ధంలో ఉన్నవాడు చేయడు, చేయకపోవడమే తెలివి కూడా.

20 గంటల దగ్గర “లెక్కగట్టినది, కొలిచినది కాదు” అని ఎందుకు పెట్టానంటే, అంకె వేస్తే సరిపోదు, ఆ అంకె ఎక్కడ్నుంచి వచ్చిందో కూడా రాయాలి. దీనికి ఉదాహరణ ఇదే కథలో ఉంది. స్కడ్ వేగం సెకనుకి 1,676 మీటర్లు అని పైన చెప్పాను. దాన్ని 0.34తో గుణిస్తే 570 మీటర్లు వస్తుంది. కానీ జీ.ఏ.ఓ. పట్టికలో 687 మీటర్లుంది. ఏది తప్పు? రెండూ తప్పు కాదు. పట్టికలోని మీటర్లని సెకన్లతో భాగించి చూస్తే వేగం సెకనుకి 2,000 మీటర్లు వస్తుంది, అంటే పట్టికకి పట్టుకున్న వేగం వేరు. వేగం చెప్పకుండా “687 మీటర్లు జరిగింది” అని మాత్రం రాస్తే, మూడంకెల కచ్చితత్వం ఉన్నట్టు కనిపించే ఒక అస్పష్టమైన వాక్యం తయారవుతుంది. “అర కిలోమీటరు పైన” అనడం దానికంటే నిజాయితీ. కొలత అంటే దశాంశాలు కాదు, షరతుతో కూడిన అంకె.

ఇంకో రకం మోసం కూడా ఉంది, అంకె గట్టిగా ఉండి క్రియాపదం మెత్తగా ఉండడం. ఇదే యుద్ధంలో, కచ్చితంగా ఫిబ్రవరి 15న, అధ్యక్షుడు బుష్ (పెద్ద బుష్) పేట్రియట్లు తయారుచేసే ఫ్యాక్టరీకి వెళ్ళి, 42 స్కడ్ల మీదకి వెళ్ళి 41ని అడ్డుకున్నాయని చప్పట్ల మధ్య ప్రకటించాడు. ఇంతకంటే కచ్చితమైన అంకె ఎవరిస్తారు? తర్వాత 1992లో కాంగ్రెస్ విచారణలో “అడ్డుకున్నాయి” అంటే ఏమిటని అడిగితే, కూల్చాయని కాదు, పేట్రియటూ స్కడ్డూ ఆకాశంలో ఒకదాని దారికి ఒకటి అడ్డం వచ్చాయని అర్థం, అని సైన్యం తరఫున వచ్చిన అధికారి వివరణ ఇచ్చాడు. స్కడ్ పేలిందా, ఊళ్ళో పడిందా అన్నది ఆ క్రియాపదంలో లేనేలేదు. అంకె చూస్తే నమ్మకం పుడుతుంది, కాబట్టి అంకె పక్కన ఉన్న క్రియాపదాన్ని ఎవరూ తడిమి చూడరు. మన డాష్‌బోర్డుల్లో “99 శాతం రిక్వెస్టులు సక్సెస్” అన్నప్పుడు సక్సెస్ అంటే 200 కోడు రావడమా, యూజరు పని అవడమా అని అడిగేవాళ్ళు ఎంతమంది?

ఇక మూడో మాట, “వెంటనే”, “కొద్ది రోజుల్లోనే”. దహ్రాన్ గురించి ఎవరైనా ఇలా రాయొచ్చు: “లోపం బయటపడిన కొద్ది రోజులకే సాఫ్టువేరు సరిచేసి పంపించారు. దురదృష్టవశాత్తూ అది చేరేలోపే ప్రమాదం జరిగింది.” చదివితే ఎవరి తప్పూ లేదనిపిస్తుంది. అబద్ధం కూడా ఒక్క ముక్క లేదు. ఇప్పుడు అదే సంగతి తేదీలతో చూడండి. సమాచారం అందింది 11న. సరిచేసిన సాఫ్టువేరు విడుదలైంది 16న. హెచ్చరిక వెళ్ళింది 21న. స్కడ్ పడింది 25న. సాఫ్టువేరు దహ్రాన్ చేరింది 26న.

తేదీలు వేయగానే ప్రశ్నలు వాటంతట అవే లేస్తాయి. బగ్గు పట్టుకుని, కోడు మార్చి, విడుదల చేయడానికి 5 రోజులు పట్టింది. తయారైనది చేరడానికి 10 రోజులు పట్టింది. అంటే ఆలస్యం ఇంజనీర్ల దగ్గర కాదు, రవాణాలో. యుద్ధం మధ్యలో విమానంలోనూ రోడ్డు మీదా టేపులు తీసుకెళ్ళి ఒక్కొక్క బ్యాటరీకి చేర్చడం తేలిక పని కాదు, ఒప్పుకుందాం. కానీ సందేశం పంపడానికి విమానం అక్కర్లేదు కదా? 21న వెళ్ళిన సందేశం 12న వెళ్ళొచ్చు. “కొద్ది రోజులకే” అన్న మాట ఈ మూడు వేర్వేరు వ్యవధుల్ని (సరిచేయడం, చెప్పడం, చేర్చడం) కలిపి ఒక ముద్ద చేసేసింది. ముద్దలో ఏది ఎక్కువుందో తెలీదు, కాబట్టి మళ్ళీసారి దేన్ని తగ్గించాలో కూడా తెలీదు. వ్యవధి అంటే రెండు కొసలు ఉండాలి. ఎప్పట్నుంచి, ఎప్పటిదాకా. “వెంటనే” అనే మాటకి సాధారణంగా రెండు కొసలూ ఉండవు.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. మన రిపోర్టుల్లో స్కడ్లుండవు గానీ ఈ మూడు రకాల మాటలూ రోజూ ఉంటాయి. ఉదాహరణకి ఇలాంటి వాక్యం మీరు వంద చదివి ఉంటారు: “నిన్న రాత్రి డిప్లాయ్‌మెంట్ అయిన కొద్దిసేపటికి సర్వర్లు బాగా స్లో అయ్యాయి, చాలామంది కస్టమర్లకి ఇబ్బంది కలిగింది, టీమ్ వెంటనే స్పందించింది.” దీన్ని హైదరాబాదులో ఒకడు రాస్తాడు, న్యూజెర్సీలో ఒకడు చదువుతాడు. ముందు “నిన్న రాత్రి” దగ్గరే ఇద్దరికీ కుదరదు, ఇక్కడి రాత్రి అక్కడి పగలు.

ఇదే వాక్యాన్ని విప్పితే (అంకెలు ఊహించి రాస్తున్నాను): “డిప్లాయ్‌మెంట్ భారత కాలమానం ప్రకారం 22:10కి పూర్తయింది. 22:31 నుంచి చెకవుట్ పేజీ సగటు సమయం 0.8 సెకన్ల నుంచి 9 సెకన్లకి పెరిగింది. 22:31 నుంచి 23:20 దాకా చెకవుట్ మొదలుపెట్టిన 4,100 మందిలో 1,260 మంది పూర్తి చేయలేదు, మామూలు రోజు ఇదే సమయంలో పూర్తి చేయనివాళ్ళు 400 దాకా ఉంటారు. మొదటి అలర్టు 22:52కి వచ్చింది, మనిషి చూసింది 22:58కి, రోల్‌బ్యాక్ మొదలైంది 23:09కి.”

ఇక్కడ జరిగిన మార్పుని గమనించండి. “కొద్దిసేపటికి” పోయి 21 నిమిషాలు వచ్చింది, డిప్లాయ్ అయిన క్షణంలోనే కాకుండా ఇరవై నిమిషాలకి మొదలైందంటే ఏదో నిండుతూ వచ్చిందన్న అనుమానం వస్తుంది, కనెక్షన్ పూలో, మెమరీయో. దహ్రాన్‌లో లాగే గంటలతో పెరిగే జబ్బు. “చాలామంది” పోయి 4,100లో 1,260 వచ్చింది, పక్కన మామూలు రోజు లెక్క కూడా వచ్చింది. ఆ రెండో లెక్క లేకపోతే 1,260 అంతా మన పాపమే అనుకుంటారు. “వెంటనే స్పందించింది” పోయి మూడు సమయాలు వచ్చాయి, అందులో అలర్టుని మనిషి చూడడానికి పట్టింది 6 నిమిషాలే, అలర్టు రావడానికే 21 నిమిషాలు పట్టిందని తేలింది. తిట్టాల్సింది డ్యూటీలో ఉన్న కుర్రాణ్ణి కాదు, అలర్టు పెట్టిన పరిమితిని.

“అన్ని అంకెలూ ఎక్కడ దొరుకుతాయండీ, అర్ధరాత్రి రిపోర్టు పంపమంటారు” అని అడిగే మిత్రులున్నారు. న్యాయమైన ప్రశ్న. అంకె దొరకనప్పుడు విశేషణం వేయడం కంటే మంచి దారి ఒకటుంది, తెలిసిన హద్దు రాయడం. “23:20 తర్వాత డేటా ఇంకా చూడలేదు.” “కనీసం 1,260, లాగుల్లో రెండు సర్వర్లవి లేవు.” దహ్రాన్ సందేశం రాసినవాళ్ళకి 20 గంటల లెక్క చేయడానికి తీరిక లేదనే అనుకుందాం. చేతిలో 8 అయితే ఉంది. “8 గంటలకే తేడా కనిపించింది, అంతకంటే ఎక్కువ నడిపితే ఏమవుతుందో ఇంకా చూడలేదు” అన్నా చాలు. ఆ ఎనిమిది చదివిన వంద గంటలవాడు ఉలిక్కిపడేవాడు.

చదివి ఉంటే రీబూట్ చేసేవాడా, చేసినా ఆ రాత్రి పేట్రియట్ ఆ స్కడ్‌ని కూల్చేదా అంటే చెప్పలేం. గల్ఫు యుద్ధంలో పేట్రియట్లు నిజంగా ఎన్ని స్కడ్లని కూల్చాయన్న దాని మీదే తర్వాత పెద్ద గొడవ నడిచింది. కనీసం కిటికీ సరైన చోట తెరుచుకునేది. అంతవరకే లెక్క చెప్పగలదు, అంతకంటే ముందుకెళ్తే నేనూ విశేషణాలు వాడుతున్నట్టే.

రిపోర్టు పంపేముందు నేను చేసే పని ఒకటే. “చాలా, కొంచెం, వెంటనే, తర్వాత, అప్పుడప్పుడు, దాదాపు అందరూ” లాంటి మాటలు వెతికి, ఒక్కోదాని దగ్గరా “ఇది రాసేటప్పుడు నా మనసులో ఉన్న అంకె ఎంత?” అని అడుగుతాను. తొంభై పాళ్ళు అంకె ఉంటుంది. ఉంటే అదే రాసేస్తాను. లేకపోతే అక్కడ నాకు తెలియని విషయం ఒకటుందని తేలుతుంది, అదీ రాసేస్తాను. ప్రాజెక్టు ఆఫీసు వాళ్ళ మనసులోనూ అంకె ఉంది, ఎనిమిది. ఒక్క అంకె, టైపు చేయడానికి ఒక్క కీ.